ప్రీమియం అందిందా, అందలేదా: వాటాల జప్తులో తేల్చాల్సిన లెక్క

కంపెనీ ఖాతాల పేపరులో వాటాల జప్తు లెక్క దాదాపు ఒకే మూసలో వస్తుంది. వాటాలు ప్రీమియంతో జారీ చేస్తారు, దరఖాస్తులు ఎక్కువొస్తాయి, ఇద్దరు డబ్బు కట్టరు. ఒకరు కేటాయింపు దగ్గరే ఆగిపోతారు, ఇంకొకరు పిలుపుల దగ్గర ఆగిపోతారు. ఈ ఇద్దరి వాటాలు జప్తు చేసే పద్దులు ఒకేలా ఉండవు. ఎందుకు ఉండవో తెలిస్తే లెక్క మొత్తం చేతికొస్తుంది. తెలియకపోతే పన్నెండు పద్దుల్లో పది సరిగ్గా రాసినా జప్తు దగ్గర లెక్క తప్పుతుంది. అందుకే ఒక్క కేసు తీసుకుని, జప్తు పద్దులోని ప్రతి రూపాయి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి నిల్వకు కోల్డ్ స్టోరేజీ కట్టాలనుకున్న ఒక పబ్లిక్ కంపెనీ ఉందనుకోండి. పరీక్ష లెక్క కాబట్టి అంకెలు చిన్నవిగా పెట్టాను. కంపెనీ 10 రూపాయల ముఖవిలువ గల 20,000 ఈక్విటీ వాటాలను ఒక్కోటి 4 రూపాయల ప్రీమియంతో జారీ చేసింది. అంటే ఒక్క వాటాకు మొత్తం 14 రూపాయలు కట్టాలి. దరఖాస్తుతో 3, కేటాయింపు మీద 7 (ఇందులో 4 ప్రీమియం), మొదటి పిలుపు మీద 2, తుది పిలుపు మీద 2.

30,000 వాటాలకు దరఖాస్తులు వచ్చాయి. 5,000 వాటాల దరఖాస్తులను తిరస్కరించి డబ్బు వాపసు చేశారు. మిగిలిన 25,000 వాటాల దరఖాస్తుదారులకు దామాషా పద్ధతిలో 20,000 వాటాలు కేటాయించారు. వాళ్లు ఎక్కువగా కట్టిన దరఖాస్తు డబ్బును కేటాయింపు బాకీలో సర్దారు.

400 వాటాలు కేటాయింపు పొందిన ఒక మిర్చి రైతు కేటాయింపు డబ్బు కట్టలేదు, మొదటి పిలుపు కూడా కట్టలేదు. మొదటి పిలుపు తర్వాత ఆయన వాటాలు జప్తు చేశారు. 300 వాటాలున్న ఒక అడ్తి వ్యాపారి కేటాయింపు వరకు కట్టి రెండు పిలుపులూ ఎగవేశాడు. ఆయన వాటాలు తుది పిలుపు తర్వాత జప్తు అయ్యాయి. జప్తు చేసిన వాటిలో 500 వాటాలను, అంటే రైతువి 400, వ్యాపారివి 100, ఒక్కోటి 8 రూపాయలకు పూర్తిగా చెల్లించినవిగా తిరిగి జారీ చేశారు.

చిట్టా మొదలుపెట్టే ముందు

కలం పట్టగానే పద్దులు రాయడం మొదలుపెట్టొద్దు. ముందు జవాబు పత్రం చివర చిత్తు లెక్కలో ప్రతి విడతనూ మూలధనం, ప్రీమియం అని విడగొట్టండి. ఇక్కడ దరఖాస్తు 3 అంతా మూలధనమే. కేటాయింపు 7లో 3 మూలధనం, 4 ప్రీమియం. పిలుపులు 2, 2 మూలధనమే. మూలధనం భాగాలు కూడితే 3, 3, 2, 2 కలిసి 10 రావాలి. అది ముఖవిలువకు సరిపోయిందంటే ప్రశ్నను సరిగ్గా చదివినట్టే. ప్రశ్నలో ప్రీమియం ఏ విడతలో కలిసిందో ఒక్కోసారి బ్రాకెట్‌లో చిన్నగా ఇస్తారు. ఆ ముక్క కంట పడకపోతే లెక్క అక్కడే దారి తప్పుతుంది.

రెండో చిత్తు లెక్క దామాషా. 25,000 దరఖాస్తు వాటాలకు 20,000 కేటాయింపు, అంటే 5కు 4. రైతుకు 400 వాటాలు వచ్చాయంటే ఆయన 500 వాటాలకు దరఖాస్తు పెట్టుకున్నాడన్నమాట. 400ను 4తో భాగించి 5తో గుణిస్తే 500. ప్రశ్నలో "400 వాటాలు కేటాయింపు పొందిన" అని ఉంటే ఇలా దరఖాస్తు వైపు వెళ్లాలి, "500 వాటాలకు దరఖాస్తు చేసిన" అని ఉంటే కేటాయింపు వైపు రావాలి. నిష్పత్తి తీసేటప్పుడు తిరస్కరించిన 5,000ను కలపకూడదు. 30,000కు 20,000 అని 3కు 2 వేసుకుంటే రైతు 600 వాటాలకు దరఖాస్తు పెట్టినట్టు వస్తుంది, ఆ తర్వాత ఆయనకు సంబంధించిన ఏ అంకె కూడా సరిగ్గా రాదు.

జారీ పద్దులు

బ్యాంకు ఖాతా డె. 90,000
  వాటా దరఖాస్తు ఖాతాకు 90,000
(30,000 వాటాలకు 3 రూపాయల చొప్పున దరఖాస్తు డబ్బు అందినందుకు)

వాటా దరఖాస్తు ఖాతా డె. 90,000
  వాటా మూలధనం ఖాతాకు 60,000
  వాటా కేటాయింపు ఖాతాకు 15,000
  బ్యాంకు ఖాతాకు 15,000
(20,000 వాటాల దరఖాస్తు డబ్బు మూలధనానికి బదిలీ చేసి, 5,000 వాటాల అదనపు సొమ్మును కేటాయింపులో సర్ది, తిరస్కరించిన 5,000 వాటాల సొమ్ము వాపసు చేసినందుకు)

ఈ రెండో పద్దులో రెండు 15,000లు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. అంకె ఒకటే కానీ మనుషులు వేరు. ఒకటి వాటాలు అసలే రానివాళ్లది, ఇంకోటి వాటాలు వచ్చి డబ్బు ఎక్కువ కట్టినవాళ్లది. వివరణలో ఈ తేడా స్పష్టంగా రాయండి.

వాటా కేటాయింపు ఖాతా డె. 1,40,000
  వాటా మూలధనం ఖాతాకు 60,000
  సెక్యూరిటీల ప్రీమియం ఖాతాకు 80,000
(20,000 వాటాల మీద 7 రూపాయల చొప్పున కేటాయింపు డబ్బు రావాల్సినందుకు)

ప్రీమియం ఖాతాకు 80,000 క్రెడిట్ ఇచ్చాం. ఒక్క పైసా ఇంకా చేతికి రాలేదు. రావాల్సింది మాత్రమే రాశాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, జప్తు దగ్గర మళ్లీ దీనికే వస్తాం.

ఇప్పుడు కేటాయింపు మీద ఎంత అందింది? ఈ కేసులో విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మొత్తం బాకీ 1,40,000. అందులో 15,000 ముందే అందింది. మిగిలింది 1,25,000. ఇందులోంచి రైతు కట్టనిది తీసెయ్యాలి. చాలామంది 400 వాటాలను 7తో గుణించి 2,800 తీసేస్తారు. అది తప్పు. రైతు 500 వాటాలకు 1,500 కట్టాడు. ఆయనకు వచ్చిన 400 వాటాల దరఖాస్తు డబ్బు 1,200. మిగిలిన 300 ఆయన కేటాయింపు బాకీలోకే వెళ్లింది, పైన చూసిన 15,000లో ఇదీ ఒక భాగం. కాబట్టి ఆయన కేటాయింపు బాకీ 2,800 నుంచి 300 పోగా 2,500. అందిన మొత్తం 1,25,000 నుంచి 2,500 తీస్తే 1,22,500.

బ్యాంకు ఖాతా డె. 1,22,500
  వాటా కేటాయింపు ఖాతాకు 1,22,500
(కేటాయింపు డబ్బు అందినందుకు, 400 వాటాల మీద 2,500 రాలేదు)

వాటా మొదటి పిలుపు ఖాతా డె. 40,000
  వాటా మూలధనం ఖాతాకు 40,000
(20,000 వాటాల మీద 2 రూపాయల చొప్పున మొదటి పిలుపు డబ్బు రావాల్సినందుకు)

బ్యాంకు ఖాతా డె. 38,600
  వాటా మొదటి పిలుపు ఖాతాకు 38,600
(19,300 వాటాల మీద మొదటి పిలుపు డబ్బు అందినందుకు)

మొదటి పిలుపులో రైతువి 800, వ్యాపారివి 600, మొత్తం 1,400 రాలేదు. కొందరు మాస్టార్లు ఈ రాని సొమ్ముకు పిలుపు బకాయిల ఖాతా తెరిపిస్తారు. అదీ సరైన పద్ధతే. అలా తెరిస్తే జప్తు పద్దులో కేటాయింపు, పిలుపు ఖాతాలకు బదులు బకాయిల ఖాతాకు క్రెడిట్ ఇవ్వాలి. ఒకే జవాబులో రెండు పద్ధతులు కలపకపోతే చాలు.

రైతు వాటాల జప్తు

జప్తు అంటే చిట్టాలో ఒక పద్దు మాత్రమే కాదు. కంపెనీ నియమావళి అధికారమిస్తేనే డైరెక్టర్లు జప్తు చేయగలరు. 2013 కంపెనీల చట్టం మొదటి షెడ్యూలులోని టేబుల్ ఎఫ్ ప్రకారం ముందు వాటాదారుకు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన రోజు నుంచి కనీసం 14 రోజుల తర్వాతి తేదీని గడువుగా చూపాలి, ఆలోగా కట్టకపోతే వాటాలు జప్తు అవుతాయని అందులోనే చెప్పాలి. గడువు దాటాకే బోర్డు తీర్మానం. ఆ తీర్మానం తేదీనే చిట్టా పద్దుకు తేదీ. జప్తయిన రోజు నుంచి ఆయన ఆ వాటాలకు సభ్యుడు కాడు. అయినా జప్తు నాటికి ఉన్న బాకీ కట్టే బాధ్యత మాత్రం ఆయన మీద ఉంటుంది. థియరీ ప్రశ్నలో ఈ చివరి మాట చాలామంది రాయరు.

ఇక పద్దు. జప్తు అనగానే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, మూలధనం ఖాతాకు ఎంత డెబిట్ చెయ్యాలి? అప్పటివరకు పిలిచినంత. తుది పిలుపు ఇంకా పిలవలేదు. దరఖాస్తు 3, కేటాయింపు 3, మొదటి పిలుపు 2, మొత్తం 8. 400 వాటాలకు 3,200. ముఖవిలువ 10 కదా అని 4,000 వేస్తే, ఆ వాటాల మీద మూలధనం ఖాతాలో ఎన్నడూ క్రెడిట్ కాని 800 రూపాయలను తీసేసినట్టవుతుంది.

రెండోది, ప్రీమియం ఖాతాను ముట్టుకోవాలా? రైతు కేటాయింపు డబ్బు కట్టలేదు. ప్రీమియం కేటాయింపులోనే ఉంది. అయితే ఆయనది 300 రూపాయలు కేటాయింపులో సర్దాం కదా, అది మూలధనానికా, ప్రీమియానికా? పద్ధతి ప్రకారం అదనపు దరఖాస్తు డబ్బును ముందు మూలధనం భాగానికి సర్దాలి. ఆ భాగం నిండాక మిగిలితేనే ప్రీమియానికి. రైతు కేటాయింపులో మూలధనం భాగం 400కు 3 చొప్పున 1,200. 300 అందులోనే ఇమిడిపోతుంది. అంటే ప్రీమియంలో ఒక్క రూపాయి కూడా అందలేదు. 1,600 మొత్తం రాలేదు. కాబట్టి ప్రీమియం ఖాతాకు 1,600 డెబిట్ చేసి వెనక్కి తీసుకోవాలి.

కేటాయింపు పద్దులో 80,000 క్రెడిట్ ఇచ్చేటప్పుడు అది రావాల్సిన సొమ్మేనని అన్నాం. చట్టంలోని 52వ సెక్షన్ సెక్యూరిటీల ప్రీమియం ఖాతాలో చేర్చమన్నది అందిన ప్రీమియాన్ని. రాని ప్రీమియాన్ని ఆ ఖాతాలో ఉంచే వీలు లేదు. రైతు సభ్యుడిగా ఉన్నంతకాలం అది రావచ్చని ఆశ ఉంది. జప్తుతో ఆ వాటాలు కంపెనీకి తిరిగొచ్చాయి కాబట్టి ఆ క్రెడిట్‌ను కొట్టెయ్యాలి.

మూడోది, ఎవరెవరికి క్రెడిట్? రాని సొమ్ము ఏ ఖాతాల్లో డెబిట్ నిల్వగా ఉందో ఆ ఖాతాలకు. కేటాయింపులో 2,500, మొదటి పిలుపులో 800. మిగిలింది వాటాల జప్తు ఖాతాకు.

వాటా మూలధనం ఖాతా డె. 3,200
సెక్యూరిటీల ప్రీమియం ఖాతా డె. 1,600
  వాటా కేటాయింపు ఖాతాకు 2,500
  వాటా మొదటి పిలుపు ఖాతాకు 800
  వాటాల జప్తు ఖాతాకు 1,500
(కేటాయింపు, మొదటి పిలుపు డబ్బు కట్టనందుకు 400 వాటాలు జప్తు చేసినందుకు)

ఈ 1,500 సరైనదేనా అని చూసుకోవడానికి ఒక దారి ఉంది. రైతు జేబులోంచి కంపెనీకి వచ్చిన సొమ్ము ఎంత? 500 వాటాల దరఖాస్తు డబ్బు 1,500. అందులో ప్రీమియం కింద అందింది సున్నా. 1,500లోంచి సున్నా తీస్తే 1,500. జప్తు ఖాతాకు వెళ్లేది ఎప్పుడూ వాటాదారు కట్టిన సొమ్ములోంచి ప్రీమియంగా అందింది తీసెయ్యగా మిగిలినదే. పద్దులో మిగులు తేలిన అంకె, ఇలా నేరుగా కట్టిన అంకె ఒకటి కాకపోతే పద్దులో ఎక్కడో పొరపాటు ఉన్నట్టే. మూలధనానికి 4,000 డెబిట్ చేసినవాళ్లకు జప్తు ఖాతా 2,300 వస్తుంది. రైతు కట్టిందే 1,500 అయినప్పుడు 2,300 ఎక్కడి నుంచి వస్తుంది? ప్రీమియం డెబిట్ మర్చిపోయినవాళ్లకు మిగులు రుణాత్మకంగా, 100 తక్కువగా వస్తుంది. అప్పుడు కంగారుపడి ఏదో ఒక ఖాతాలో 100 అతికించకుండా, ప్రీమియం వైపు చూడండి.

ఇదే రైతు 500కు బదులు 1,000 వాటాలకు దరఖాస్తు పెట్టి 400 పొందాడనుకోండి. అంకెలు మారతాయి. కట్టింది 3,000, దరఖాస్తుకు పోయింది 1,200, అదనం 1,800. కేటాయింపులో మూలధనం భాగం 1,200 నిండిపోయి ఇంకా 600 మిగిలింది. అది ప్రీమియానికి వెళ్తుంది. అప్పుడు ప్రీమియంలో 600 అందింది, 1,000 అందలేదు. జప్తు పద్దులో ప్రీమియం ఖాతాకు 1,000 మాత్రమే డెబిట్. కేటాయింపు బాకీ కూడా 2,800 నుంచి 1,800 పోగా 1,000. మూలధనం 3,200, ప్రీమియం 1,000 కలిపి 4,200. కేటాయింపుకు 1,000, పిలుపుకు 800 పోగా జప్తు ఖాతాకు 2,400. సరిచూడండి: కట్టింది 3,000, అందులో ప్రీమియం 600, మిగిలింది 2,400. సరిపోయింది. ప్రీమియం కొంత మాత్రమే అందిన ఇలాంటి ప్రశ్న వస్తే, కేటాయింపు కట్టలేదు అన్న ఒక్క మాట చూసి 1,600 మొత్తం రద్దు చేస్తే తప్పవుతుంది.

అడ్తి వ్యాపారి వాటాల జప్తు

తుది పిలుపు పిలిచే నాటికి రైతు 400 వాటాలు జప్తయిపోయాయి. వాటి మీద పిలవడానికి సభ్యుడే లేడు. కాబట్టి పిలుపు 19,600 వాటాల మీదే. 20,000 మీద 40,000 రాసేవాళ్లు చాలామంది. ప్రశ్నలో జప్తు ఏ పిలుపు తర్వాత జరిగిందో చదివి, ఆ మాట కింద గీత గీసుకోండి.

వాటా తుది పిలుపు ఖాతా డె. 39,200
  వాటా మూలధనం ఖాతాకు 39,200
(19,600 వాటాల మీద 2 రూపాయల చొప్పున తుది పిలుపు డబ్బు రావాల్సినందుకు)

బ్యాంకు ఖాతా డె. 38,600
  వాటా తుది పిలుపు ఖాతాకు 38,600
(19,300 వాటాల మీద తుది పిలుపు డబ్బు అందినందుకు)

వ్యాపారి విషయంలో అవే మూడు ప్రశ్నలు. ఇప్పుడు పూర్తి 10 రూపాయలు పిలిచేశారు కాబట్టి మూలధనం డెబిట్ 3,000. కేటాయింపు డబ్బు పూర్తిగా కట్టాడు, అంటే 300 వాటాల ప్రీమియం 1,200 కంపెనీకి అందింది. అందిన ప్రీమియాన్ని జప్తు పేరుతో తీసెయ్యకూడదు. సెక్షన్ 52 ఆ సొమ్మును వాటా మూలధనంలాగే కాపాడుతుంది, దాన్ని చట్టం చెప్పిన పనులకే, అంటే బోనస్ వాటాలు, జారీ ఖర్చులు వంటి వాటికే వాడాలి. వాటాదారు మధ్యలో ఆగిపోయాడని ఆ రక్షణ తొలగిపోదు. రాని సొమ్ము మొదటి పిలుపులో 600, తుది పిలుపులో 600.

వాటా మూలధనం ఖాతా డె. 3,000
  వాటా మొదటి పిలుపు ఖాతాకు 600
  వాటా తుది పిలుపు ఖాతాకు 600
  వాటాల జప్తు ఖాతాకు 1,800
(రెండు పిలుపులూ కట్టనందుకు 300 వాటాలు జప్తు చేసినందుకు)

సరిచూద్దాం. వ్యాపారి 375 వాటాలకు దరఖాస్తు పెట్టి 1,125 కట్టాడు. కేటాయింపు బాకీ 2,100, అదనం 225 పోగా 1,875 కట్టాడు. మొత్తం 3,000. అందులో ప్రీమియం 1,200 తీస్తే 1,800. సరిపోయింది.

రెండు జప్తు పద్దులను పక్కపక్కన పెట్టి చూడండి. రైతు పద్దులో ప్రీమియం డెబిట్ ఉంది, వ్యాపారి పద్దులో లేదు. వాటాలు ఏ ధరకు జారీ అయ్యాయన్నది దీన్ని తేల్చదు. ఇద్దరికీ ప్రీమియంతోనే జారీ చేశారు. "ప్రీమియంతో జారీ చేసిన వాటాల జప్తు" అని ఒకే సూత్రం బట్టీ పట్టినవాళ్లు వ్యాపారి పద్దులోనూ 1,200 డెబిట్ చేస్తారు. అప్పుడు జప్తు ఖాతాకు 3,000 వచ్చి, ప్రీమియం ఖాతాలో ఉండాల్సిన 1,200 అందులో కలిసిపోతుంది. ఈ తప్పు చేసినా పద్దు రెండు వైపులా కలుస్తుంది, అంకగణితం ఎక్కడా అడ్డుపడదు. అందుకే దీన్ని పట్టుకోవాలంటే చట్టం ఏమంటుందో తెలియాలి.

500 వాటాల పునర్జారీ

తిరిగి జారీ చేసేటప్పుడు ముఖవిలువ కంటే తక్కువకు అమ్మొచ్చు. సెక్షన్ 53 వాటాలను తగ్గింపు ధరకు జారీ చేయొద్దంటుంది కదా అని అనుమానం వస్తుంది. పునర్జారీ కొత్తగా వాటాలు పుట్టించడం కాదు, ఇంతకుముందే జారీ అయిన వాటాలను ఇంకొకరికి ఇవ్వడం. పాత వాటాదారు కట్టింది కంపెనీ దగ్గర ఉంది. కాబట్టి తగ్గింపుకు హద్దు ఆ వాటా మీద జప్తయిన సొమ్ము. రైతు వాటా ఒక్కోదాని మీద జప్తయింది 1,500ను 400తో భాగిస్తే 3.75. వ్యాపారి వాటా మీద 6. ఇక్కడ తగ్గింపు 2 రూపాయలే కాబట్టి రెండింటికీ హద్దులోపలే ఉంది. రైతు వాటాలను 6 రూపాయలకు ఇస్తామంటే తగ్గింపు 4 అవుతుంది, 3.75 దాటుతుంది, అది కుదరదు.

బ్యాంకు ఖాతా డె. 4,000
వాటాల జప్తు ఖాతా డె. 1,000
  వాటా మూలధనం ఖాతాకు 5,000
(500 వాటాలను 8 రూపాయల చొప్పున పూర్తిగా చెల్లించినవిగా పునర్జారీ చేసినందుకు)

మూలధనం క్రెడిట్ 10 చొప్పున, ఎందుకంటే పూర్తిగా చెల్లించినవిగా ఇచ్చారు. రైతు వాటాలు 8 పిలిచినప్పుడు జప్తయినా ఇప్పుడు 10గా బయటికి వెళ్తున్నాయి. జప్తు పద్దులో 8, పునర్జారీ పద్దులో 10 ఉండటం తప్పేమీ కాదు.

తర్వాత మూలధన రిజర్వుకు బదిలీ. జప్తు ఖాతాలో మొత్తం 3,300 ఉంది. 1,000 పోగా 2,300 మిగిలింది. చాలా జవాబు పత్రాల్లో ఈ 2,300 మొత్తం రిజర్వుకు పోతుంది. ఇది తప్పు. వ్యాపారి 200 వాటాలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. రేపు వాటిని తగ్గింపుకు అమ్మితే ఆ నష్టం భరించాల్సింది వాటి మీద జప్తయిన సొమ్మే. లాభం తేలేది తిరిగి జారీ అయిన వాటాల మీదే.

కాబట్టి తిరిగి జారీ అయిన 500 వాటాల జప్తు సొమ్ము కట్టాలి. రైతు 400 వాటాలకు 1,500. వ్యాపారి 100 వాటాలకు 6 చొప్పున 600. మొత్తం 2,100. తగ్గింపు 1,000 పోగా 1,100. ఇక్కడ ఇద్దరి సొమ్మును కలిపేసి 3,300ను 700తో భాగించి సగటు తీయకూడదు. ఎవరి వాటా మీద జప్తయింది వాళ్లదే. ప్రశ్నలో "రైతువి మొత్తం, మిగతావి వ్యాపారివి" అని చెప్పేది ఇందుకే.

వాటాల జప్తు ఖాతా డె. 1,100
  మూలధన రిజర్వు ఖాతాకు 1,100
(పునర్జారీ చేసిన 500 వాటాల మీద లాభాన్ని బదిలీ చేసినందుకు)

జప్తు ఖాతాలో మిగిలింది 1,200. మిగిలిన 200 వాటాలకు 6 చొప్పున లెక్కేస్తే అదే 1,200. ఇది కలిస్తే పునర్జారీ భాగం సరిగ్గా వచ్చినట్టు.

ఆస్తి అప్పుల పట్టీలో

ప్రశ్న చిట్టా పద్దులే అడిగినా చిత్తులో పట్టీ ఒకసారి వేసుకోండి, రెండు నిమిషాల పని. పూర్తిగా చెల్లించిన వాటాలు 19,300, పునర్జారీ అయినవి 500, మొత్తం 19,800. మూలధనం 1,98,000. దానికి జప్తు ఖాతా నిల్వ 1,200 కలపాలి. చందా మూలధనం 1,99,200. జప్తు నిల్వను రిజర్వులు, మిగులు కింద వేసేవాళ్లున్నారు. దాని చోటు వాటా మూలధనం నోటులోనే, చెల్లించిన మూలధనం కింద విడి వరుసలో. మూలధన రిజర్వు 1,100, సెక్యూరిటీల ప్రీమియం 80,000 నుంచి రైతు 1,600 పోగా 78,400. ఈ రెండూ రిజర్వులు, మిగులు కిందికి వెళ్తాయి. అన్నీ కలిపి 2,78,700.

ఇటువైపు బ్యాంకు. దరఖాస్తు 90,000, వాపసు 15,000 పోగా 75,000. కేటాయింపు 1,22,500, మొదటి పిలుపు 38,600, తుది పిలుపు 38,600, పునర్జారీ 4,000. మొత్తం 2,78,700. కేటాయింపు ఖాతా, రెండు పిలుపుల ఖాతాలు సున్నా అవ్వాలి. వ్యాపారి మొదటి పిలుపు బాకీ 600 రైతు జప్తు తర్వాత కూడా ఆ ఖాతాలో ఉండి, వ్యాపారి జప్తుతోనే సున్నా అయింది.

రెండు వైపులు తేడా వస్తే తేడా అంకెను బట్టే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. బ్యాంకు 300 తక్కువ వస్తే రైతు కేటాయింపు బాకీ 2,500కు బదులు 2,800 తీసేశారు. 800 తేడా వస్తే తుది పిలుపును 20,000 వాటాల మీద పిలిచి ఉంటారు, జప్తయిన 400 వాటాల 2 రూపాయలు పిలుపు ఖాతాలో అలాగే ఉండిపోయాయి. వ్యాపారి ప్రీమియం 1,200 డెబిట్ చేసినవాళ్లకు మాత్రం ఈ పట్టీలో తేడా కనిపించదు. మొత్తం అదే 2,78,700 వస్తుంది, లోపల ప్రీమియం 77,200గా ఉంటుంది. కాబట్టి పట్టీ కలిసినా, జప్తు చేసిన ప్రతి వాటాదారు విషయంలో కట్టిన సొమ్ములోంచి అందిన ప్రీమియం తీసి, ఆ అంకెను జప్తు పద్దుతో విడిగా పోల్చుకోండి.